డెబ్బై వేల వడ్డీలో అక్కకు నిజంగా మిగిలిందెంత?

2024 జులై 27, శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు చంద్రగిరి నుంచి అక్క ఫోన్ చేసింది. ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ వేయడానికి ఇంకా నాలుగు రోజులే గడువు. గొంతులో టెన్షన్ తెలుస్తోంది.

"రేయ్, వడ్డీ మీద బ్యాంకోళ్లు పట్టుకోవాల్సింది పట్టుకున్నారు గదా. మళ్లా 7,560 రూపాయలు కట్టమంటాండాడు ఆడిటరు. ఒకే దానికి రెండుసార్లు కట్టేదేంది?"

రెండుసార్లు కాదక్కా, సగమే కట్టావు, మిగతా సగం ఇప్పుడు అడుగుతున్నారు అని చెప్పాను. ఫోన్లో అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. "రేపు ఆదివారమే గదా, పాస్‌బుక్కు తీసుకొని రా" అన్నాను. మరుసటి రోజు తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంట్లో అక్క, అమ్మ, నేను వేసుకున్న లెక్కే ఇది. పన్ను సంగతి తేలడానికి పది నిమిషాలు పట్టింది. కానీ ఆ తర్వాత బయటపడ్డ సంగతి నన్ను ఇప్పటికీ వదలడం లేదు. అందుకే రాస్తున్నాను.

ముందు ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. 2003లో చిత్తూరు మురకంబట్టులో నాన్న 2 లక్షలు పెట్టి అమ్మ పేరు మీద ఒక ఇంటి స్థలం కొన్నాడు. నాన్న పోయాక దాన్ని చూసుకునే వాళ్లు లేక 2023 ఫిబ్రవరిలో 36 లక్షలకు అమ్మేశాం. పన్ను, ఇతర ఖర్చులు పోగా 30 లక్షలు చేతికొచ్చింది. అమ్మ దాన్ని మూడు భాగాలు చేసింది. తనకు పది, అక్కకు పది, నాకు పది. నా పది లక్షలు ఇంటి లోనుకు కట్టేశాను. అమ్మ, అక్క ఇద్దరూ ఒకే రోజు, ఒకే బ్యాంకులో, రెండేళ్లకు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేశారు. అది 2023 ఏప్రిల్ మొదటి వారం. అక్కకు 7 శాతం. అమ్మ సీనియర్ సిటిజన్ కాబట్టి అర శాతం ఎక్కువ, 7.5. మూడు నెలలకోసారి వడ్డీ సేవింగ్స్ ఖాతాలో పడేలా పెట్టించుకున్నారు.

అక్క పాస్‌బుక్కు తెరిస్తే మూడు నెలలకోసారి 15,750 అనే అంకె కనిపిస్తుంది. పది లక్షలకు 7 శాతమంటే ఏడాదికి 70,000. మూడు నెలలకు 17,500. అందులో 10 శాతం, అంటే 1,750 టీడీఎస్ కింద పట్టుకొని మిగతాది వేశారు. ఏడాదికి మొత్తం 7,000 పట్టుకున్నారు. అక్క అదే పన్ను అనుకుంది. తెలిసినవాళ్లలో చాలామంది ఇలాగే అనుకోవడం నేను చూశాను. టీడీఎస్ అనేది పన్ను కాదు, పన్నుకు అడ్వాన్సు. బ్యాంకుకు మన జీతమెంతో తెలియదు కాబట్టి అందరి దగ్గరా ఒకే 10 శాతం పట్టుకుంటుంది. అసలు పన్ను ఎంతన్నది మన మొత్తం ఆదాయం ఏ శ్లాబులో పడుతుందో దాన్ని బట్టి తేలుతుంది.

అక్క ఇంటి లోను, జీపీఎఫ్ చూపించుకోవడానికి పాత పన్ను విధానంలోనే ఉంది. ఆమె ఆదాయం 20 శాతం శ్లాబులో పడుతుంది. ఎఫ్‌డీ వడ్డీని జీతంతో కలిపేస్తారు. 70,000 మీద 20 శాతం 14,000. దాని మీద 4 శాతం సెస్సు 560. మొత్తం 14,560. ముందే పట్టుకున్న 7,000 తీసేస్తే కట్టాల్సింది 7,560. ఆడిటరు చెప్పింది సరైన లెక్కే. వడ్డీని ఇలా చేతికి తీసుకోకుండా డిపాజిట్ ముగిశాక ఒకేసారి తీసుకుంటానన్నా పన్ను ఆగదు. ఏ ఏడాది వడ్డీని ఆ ఏడాదే బ్యాంకు లెక్కగట్టి టీడీఎస్ పట్టుకుంటుంది.

"సరే, 14,560 పోతే 55,440 మిగిలిందిలే. పదిలక్షలకు అదేం తక్కువా?" అంది అక్క.

అప్పుడు నేను ఆమెను ఒక ప్రశ్న అడిగాను. 2023 ఏప్రిల్‌లో ఈ పది లక్షలతో ఏమేం కొనగలిగేదానివో, అవే వస్తువులు, అంతే మొత్తంలో, ఏడాది తర్వాత కొనాలంటే ఎంత కావాలి? 2023-24లో దేశంలో వినియోగదారుల ధరల సూచీ ప్రకారం సగటు ద్రవ్యోల్బణం 5.4 శాతం. అంటే పది లక్షల సరుకు 10,54,000 అయింది. కాబట్టి ఆ 55,440లో మొదటి 54,000 రూపాయలు లాభం కాదు. పది లక్షలను పది లక్షలుగా నిలబెట్టడానికి అవి అసలులోనే కలిసి ఉండాలి. పైన మిగిలింది 1,440. అదీ ఏడాది చివరి రూపాయల్లో. మొదటి రోజు రూపాయల్లో చెప్పాలంటే 10,55,440ని 1.054తో భాగించాలి. వచ్చేది 10,01,366.

పది లక్షలు ఒక ఏడాది పాటు బ్యాంకులో పెట్టినందుకు అక్కకు నిజంగా పెరిగింది 1,366 రూపాయలు. శాతంలో 0.14. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు.

అక్క కాసేపు ఏమీ మాట్లాడలేదు. నా చేతిలో కాలిక్యులేటర్ తీసుకొని మళ్లీ తనే చేసి చూసుకుంది. లెక్కల టీచరు కాబట్టి నా మాట నమ్మదు, అంకెను నమ్ముతుంది.

ఇక్కడివరకు చాలామందికి ఏదో ఒక రూపంలో తెలిసే ఉంటుంది. వడ్డీలోంచి ధరల పెరుగుదల తీసేస్తే పెద్దగా ఏమీ మిగలదని ఇళ్లలో పెద్దవాళ్లు కూడా అంటుంటారు. నేను చెప్పదలుచుకున్నది దాని తర్వాతి మెట్టు. పన్నే లేకపోతే అక్కకు ఎంత మిగిలేది? 70,000లో 54,000 ధరల పెరుగుదలకు పోతే 16,000. అంటే అక్క డబ్బు నిజంగా సంపాదించింది 16,000. కానీ పన్ను వేసింది 70,000 మీద. 16,000 సంపాదనకు 14,560 పన్ను. నూటికి 91 రూపాయలు.

కాగితం మీద అక్కది 20 శాతం శ్లాబు. నిజంగా పోయింది 91 శాతం.

అదే డిపాజిట్ 30 శాతం శ్లాబులో ఉన్నవాళ్లు చేసి ఉంటే పన్ను సెస్సుతో కలిపి 21,840. సంపాదించింది మాత్రం అదే 16,000. అంటే సంపాదనంతా పోయి ఇంకో 5,840 అసలులోంచి పోయినట్టు. ఇది ఎలా జరుగుతుందంటే, చట్టం దృష్టిలో వడ్డీ అంతా ఆదాయమే. అందులో పెద్ద భాగం రూపాయి విలువ తగ్గిన నష్టానికి వచ్చే పూడిక అని చట్టం గుర్తించదు. పూడిక మీద కూడా ఆదాయం మీద వేసినట్టే పన్ను వేస్తుంది. ధరలు ఎంత వేగంగా పెరిగితే వడ్డీలో ఆ పూడిక వాటా అంత పెరుగుతుంది, పన్ను అంతగా అసలును కొరుకుతుంది.

దీనికంటే ఘోరమైన ఏడాది దాని ముందటిది. 2022 ఏప్రిల్‌లో ఏడాదికి 5.1 శాతం వడ్డీకి ఎఫ్‌డీ వేసినవాళ్లు నాకు తెలుసు. అప్పట్లో రేట్లు అలాగే ఉండేవి. 2022-23 సగటు ద్రవ్యోల్బణం 6.7 శాతం. పది లక్షలకు 51,000 వడ్డీ వచ్చింది, నిలబడటానికి 67,000 కావాలి. పన్ను లెక్కలోకి రాకముందే 16,000 నష్టం. ఆ నష్టం మీద అక్క శ్లాబులో ఉన్నవాళ్లు 10,608 రూపాయలు పన్ను కట్టారు. చివరకు చేతిలో ఉన్నది 10,40,392. దాన్ని 1.067తో భాగిస్తే 9,75,063. దాదాపు 25,000 పోయాయి, పాస్‌బుక్కులో మాత్రం డబ్బు పెరిగినట్టే కనిపించింది. నష్టం మీద పన్ను వేయడం అన్యాయమని ఎవరైనా ఒప్పుకుంటారు. కానీ ఆ నష్టం రశీదులోనూ కనిపించదు, రిటర్న్‌లోనూ కనిపించదు కాబట్టి ఎవరూ అడగరు.

చట్టానికి ధరల పెరుగుదల గురించి తెలియకపోతే నాకింత బాధ ఉండేది కాదు. తెలుసు. మా ఇంట్లోనే సాక్ష్యం ఉంది. ఆ మురకంబట్టు స్థలం అమ్మినప్పుడు అమ్మకు పన్ను ఎలా లెక్కగట్టారో చూడండి. 2003లో పెట్టింది 2 లక్షలు. కానీ దాన్ని 2 లక్షలుగా తీసుకోలేదు. ఆదాయపు పన్ను శాఖే ఏటా ఒక ధరల సూచీ ప్రకటిస్తుంది. 2003-04కు అది 109. అమ్మిన 2022-23కు 331. రెండు లక్షలను 331తో గుణించి 109తో భాగిస్తే 6,07,339. కొన్న ధర అంతేనని ఒప్పుకొని, అమ్మిన 36 లక్షల్లోంచి దాన్ని తీసేసి, మిగిలిన దానినే లాభమన్నారు. ఆ నాలుగు లక్షల తేడా లాభం కాదు, రూపాయి విలువ తగ్గడం మాత్రమే అని ప్రభుత్వమే ఒప్పుకుంది.

రెండు నెలలు తిరక్కుండానే అదే డబ్బు బ్యాంకులో పడింది. అక్కడ ఆ సూచీ లేదు. స్థలంలో ఉన్నప్పుడు రూపాయి విలువ తగ్గడాన్ని లెక్కలోకి తీసుకున్న చట్టం, డిపాజిట్‌లోకి వచ్చాక లెక్కలోకి తీసుకోలేదు. స్థలం కొని పడేయగలిగినవాళ్లకు ఒక న్యాయం, నెలనెలా మిగిల్చి బ్యాంకులో వేసుకునేవాళ్లకు ఇంకొక న్యాయం. 2024 జులై 23న మూలధన లాభాల నియమాలు మారాయి. ఎక్కువ ఆస్తులకు ఆ సూచీ పోయింది, రేటు 12.5 శాతమైంది. కానీ ఆ తేదీకి ముందు కొన్న స్థలాలు, ఇళ్లు ఉన్న ఇక్కడి నివాసులకు సూచీతో 20 శాతమా, సూచీ లేకుండా 12.5 శాతమా, ఏది తక్కువైతే అది కట్టే వీలు ఉంచారు. ఎఫ్‌డీ వేసుకున్నవాళ్లకు అలాంటి వీలు ఎప్పుడూ లేదు.

మేం ఇదంతా మాట్లాడుకుంటుంటే అమ్మ వంటింట్లోంచి వింటోంది. "మరి నాది?" అని అడిగింది.

అమ్మ లెక్క అక్కకంటే నయం. ఆమెకు వచ్చిన వడ్డీ 75,000. ఆమె మొత్తం ఆదాయం పన్ను పడేంత లేదు. అందుకే ఏటా ఏప్రిల్‌లో 15హెచ్ ఫారం ఇచ్చేది, టీడీఎస్ పట్టుకోలేదు. 75,000లో 54,000 తీసేస్తే 21,000. మొదటి రోజు రూపాయల్లో 19,924. అంటే దాదాపు 2 శాతం నిజ రాబడి. ఒకే స్థలం డబ్బు, ఒకే బ్యాంకు, ఒకే రోజు. తల్లికి 2 శాతం, కూతురికి 0.14. మధ్యలో అర శాతం వడ్డీ తేడా ఉంది, మిగతా తేడా అంతా పన్నే. కాబట్టి "ఎఫ్‌డీ మంచిదా కాదా" అని అడిగితే దానికి జవాబు లేదు. ఎవరి ఎఫ్‌డీ అని అడగాలి.

కానీ అమ్మ విషయంలో వేరే ఇబ్బంది కనిపించింది. ఆమె ఆ 75,000 మొత్తం ఖర్చు పెట్టేసింది. మందులు, కొండకు వచ్చే బంధువులకు పెట్టుపోతలు, మనవరాలి గాజులు. అసలు ముట్టుకోలేదు, వడ్డీ మాత్రమే తిన్నానని ఆమె ధీమా. మన ఇళ్లలో ఇది పెద్ద నియమం, అసలు జోలికి పోకూడదు. అయితే 75,000లో తినదగ్గది 21,000 మాత్రమే. మిగతా 54,000 తిన్నప్పుడు ఆమె అసలునే తింది. రశీదు మీద పది లక్షలని ఉంది కాబట్టి తెలియలేదు. ఏడాది తర్వాత ఆ పది లక్షలకు 2023 నాటి విలువ 9,48,767. ధరలు ఏటా 5 శాతమే పెరుగుతాయనుకున్నా, ఇలా వడ్డీ మొత్తం తింటూ పోతే పదేళ్లకు ఆ పది లక్షలు ఇవాళ్టి 6,14,000తో సమానమవుతాయి. అప్పుడు అమ్మకు ఎనభై దాటుతుంది. మందుల ఖర్చు ఇప్పటికంటే ఎక్కువ కావాల్సిన వయసది.

"అంటే వడ్డీ కూడా తినకూడదా నాయనా?" అంది. ఆ మాటకు నాకు గుండె కలుక్కుమంది. తినొచ్చమ్మా, ఎంత తింటున్నామో తెలుసుకొని తినాలి అన్నాను.

ఇక్కడ అక్క ఒక మంచి ప్రశ్న వేసింది. ఈ 5.4 అంకెను ఎందుకు నమ్మాలి? "పోయిన సంవత్సరం జులైలో టమోటా ఎంత అమ్మిందో నీకు గుర్తుందా?" గుర్తుంది. మదనపల్లె మార్కెట్లోనే కిలో 150 దాటింది. ఆ నెల దేశవ్యాప్తంగా ద్రవ్యోల్బణం 7.44 శాతానికి ఎగబాకింది. అయితే సెప్టెంబరుకల్లా అదే మదనపల్లెలో ధర కుప్పకూలింది, రైతుకు కూలి డబ్బులు కూడా రాలేదు. ఒక నెల సంచీ పట్టుకొని మార్కెట్‌కు పోయినప్పుడు తగిలిన దెబ్బ మనకు గుర్తుండిపోతుంది, ధర తగ్గిన నెల గుర్తుండదు. డిపాజిట్‌కు వడ్డీ ఏడాదికి వస్తుంది కాబట్టి పోల్చాల్సింది ఏడాది సగటుతో. టమోటా జులై ధరతో కాదు.

అలాగని ఆ సగటు అందరికీ సరిగ్గా అతకదు. ఆ సూచీ దేశమంతటి సగటు ఇంటి ఖర్చుల బుట్ట. అప్పటి సూచీలో తిండి, పానీయాల వాటా దాదాపు 46 శాతం. అమ్మ ఖర్చుల్లో మందులు, డాక్టర్లు చాలా ఎక్కువ. అక్క ఖర్చుల్లో పిల్లవాడి కాలేజీ ఫీజు. వాళ్లిద్దరి ధరలు వేర్వేరు వేగాలతో పెరుగుతాయి. ఇంట్లో రెండేళ్ల ఖర్చుల పుస్తకం ఉంటే, అవే వస్తువులకు, అంతే మోతాదుకు ఎంత పెరిగిందో చూసుకోవడం మేలు. ఎక్కువ కొన్నందుకు పెరిగిన ఖర్చును ధర పెరిగినట్టు రాసుకోకూడదు, ఆ పొరపాటు నేనూ చేశాను. పుస్తకం లేనివాళ్లు ప్రభుత్వ అంకెనే తీసుకోండి, ఊహ కంటే అది నయం.

రేటు చూడగానే ఇది నాకు సరిపోతుందా లేదా అని తెలుసుకోవడానికి ఒక చిన్న భాగహారం చాలు. అక్కకు వడ్డీలో ప్రతి వంద రూపాయలకు 20.80 పన్ను పోతుంది, 79.20 మిగులుతుంది. ద్రవ్యోల్బణాన్ని 0.792తో భాగిస్తే, పది లక్షలు పది లక్షలుగానే ఉండటానికి ఎంత వడ్డీ రావాలో వస్తుంది. 5.4ను భాగిస్తే 6.82. అక్కకు వచ్చింది 7. అందుకే ఆమె గట్టున పడింది. 30 శాతం శ్లాబువాళ్లకు సెస్సుతో కలిపి 68.80 మిగులుతుంది, వాళ్లకు కావాల్సింది 7.85. ఆ రేటు అక్క బ్యాంకులో లేదు. అమ్మకు పన్ను లేదు కాబట్టి 5.4 దాటితే చాలు. నేను లోనుకు కట్టిన పది లక్షలు మిగిల్చిన వడ్డీ మీద పన్ను లేదు, అందుకే ఏ ఎఫ్‌డీ కంటే నాకు అదే మేలైంది. పీపీఎఫ్ కూడా ఇలాంటిదే. 7.1 శాతమే అయినా పన్ను లేదు, కాబట్టి 2023-24లో దాని నిజ రాబడి 1.6 శాతం. అయితే ఏడాదికి లక్షన్నరకు మించి వేయలేం, 15 ఏళ్ల గడువు. అక్క పది లక్షలు అందులో పట్టవు.

ఒక మాట ఒప్పుకోవాలి. ప్రతి ఏడాదీ ఇలా ఉండదు. అక్క డిపాజిట్ రెండో ఏడాది, 2024-25లో, ద్రవ్యోల్బణం 4.6కు తగ్గింది. వడ్డీ అదే 70,000, పన్ను అదే 14,560. కానీ ఈసారి మిగిలింది 9,440. నిజ సంపాదన 24,000లో పన్ను వాటా 61 శాతానికి తగ్గింది. 2025 అక్టోబరులోనైతే ద్రవ్యోల్బణం 0.25 శాతానికి పడిపోయింది. అలాంటప్పుడు ముందే మంచి రేటుకు వేసుకున్నవాళ్లకు బ్యాంకు వడ్డీలో దాదాపు అంతా నిజమైన లాభమే. కానీ రేట్లు కూడా ఊరుకోవు. 2025 ఫిబ్రవరి నుంచి డిసెంబరు వరకు రిజర్వు బ్యాంకు తాను బ్యాంకులకు అప్పిచ్చే రెపో రేటును 6.5 నుంచి 5.25కు దించింది, కొత్త ఎఫ్‌డీల వడ్డీలూ దిగాయి. నా అభ్యంతరం ఒక ఏడాది మీద కాదు. అక్క శ్లాబు మారలేదు, వడ్డీ మారలేదు, చట్టం మారలేదు. అయినా ఆమె కట్టిన నిజమైన పన్ను ఒక ఏడాది 91 శాతం, మరుసటి ఏడాది 61. ఆమెకు పడే పన్ను రేటును పార్లమెంటు కాదు, ధరలు నిర్ణయిస్తున్నాయి.

ఇలా అన్నప్పుడు నా స్నేహితుడు ఒకాయన, చార్టర్డ్ అకౌంటెంట్, గట్టిగా ఎదురు చెప్పాడు. ఆయన వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. వడ్డీలో ధరల పెరుగుదల భాగం డిపాజిటర్‌కు ఆదాయం కాదంటే, అప్పు తీసుకున్న కంపెనీకి అది ఖర్చు కూడా కాదు. ఇప్పుడు కంపెనీలు కట్టిన వడ్డీ మొత్తం ఖర్చుగా చూపించుకొని పన్ను తగ్గించుకుంటాయి. ఒకవైపు మార్చి ఇంకోవైపు మార్చకపోతే, అప్పు చేసి డిపాజిట్ చేసేవాళ్లు పుట్టుకొస్తారు. రెండు వైపులా మార్చాలంటే మొత్తం పన్ను చట్టాన్నే కదపాలి.

ఇది నిజమే. అందుకే మొత్తం మార్చమని నేను అడగడం లేదు. అప్పు చేసి డిపాజిట్ చేసేంత పెద్దది కాని మొత్తానికి, ఒక మనిషి పేరు మీద ఉన్న మొదటి పది లక్షల డిపాజిట్‌కు, ఆ ఏడాది ద్రవ్యోల్బణం మేరకు వడ్డీని ఆదాయంలో కలపకుండా వదిలేయండి అంటున్నాను. అక్క విషయంలో అది 54,000 వదిలి 16,000 మీద 20 శాతం వేయడం. పన్ను సెస్సుతో 3,328. బ్యాంకు ఇప్పటికే వడ్డీ వివరాలన్నీ ఆదాయపు పన్ను శాఖకు పంపుతోంది, ద్రవ్యోల్బణం అంకె ప్రభుత్వం దగ్గరే ఉంది. కొత్తగా కట్టాల్సిన యంత్రాంగమేమీ లేదు. సీనియర్ సిటిజన్లకు పాత విధానంలో 50,000 దాకా వడ్డీ మినహాయింపు ఉండనే ఉంది. అది పనికొస్తోంది, కానీ ఆ అంకెకూ ధరలకూ సంబంధం లేదు, ఉద్యోగం చేస్తున్న అక్కలాంటివాళ్లకు వర్తించదు.

పన్ను నియమం మార్చకుండా ఎంత మంచి పథకం తెచ్చినా ఏమవుతుందో కూడా ఒకసారి చూశాం. 2013 డిసెంబరులో రిజర్వు బ్యాంకు ద్రవ్యోల్బణానికి పైన 1.5 శాతం ఇచ్చే పొదుపు బాండ్లు తెచ్చింది. సామాన్యుడి పొదుపును ధరల నుంచి కాపాడటానికే వాటిని పెట్టారు. కానీ వాటి వడ్డీకీ మామూలు పన్నే వర్తించింది. ధరలు 6 శాతం పెరిగితే 7.5 శాతం వస్తుంది, అప్పటి 30 శాతం శ్లాబులో పన్ను పోగా 5.2 దగ్గర మిగులుతుంది. ధరల కంటే ఎక్కువ ఇస్తామని హామీ ఇచ్చిన చేయి, పన్ను పేరుతో ఆ ఎక్కువనూ, దానితోపాటు కొంత అసలునూ వెనక్కి తీసుకుంది.

ఆ ఆదివారం సాయంత్రం అక్క మా ఇంట్లో కూర్చొనే 7,560 కట్టేసి రిటర్న్ పంపింది. పోయేముందు ఎఫ్‌డీ రశీదు జిరాక్సు వెనక పెన్సిల్‌తో మూడు అంకెలు రాసుకుంది. 70,000. 14,560. 54,000. వాటి కింద గీత గీసి 1,440 అని రాసి చుట్టూ సున్నా చుట్టింది.

అమ్మ మాత్రం ఆ నెల నుంచే మొదలుపెట్టింది. మూడు నెలలకోసారి 18,750 పడగానే అందులో 12,000 తీసి వేరే ఖాతాలో వేయించేది. మిగతాదానితో సర్దుకుంది. అంతకుముందు ఏటా కొనే పట్టుచీర ఆ ఏడాది కొనలేదు. ఆమె అడిగి ఉంటే నేనే కొనిచ్చేవాణ్ని, అడగలేదు. 2025 ఏప్రిల్‌లో డిపాజిట్ గడువు ముగిసినప్పుడు నేను బ్యాంకుకు తోడు వెళ్లాను. కౌంటర్లో అమ్మాయి "పది లక్షలే మళ్లీ వేసేద్దామా అమ్మా?" అని అడిగింది. అమ్మ సంచీలోంచి రెండో పాస్‌బుక్కు తీసి ముందుకు తోసింది.

"లేదు పాపా. దీంట్లో 48 వేలుండాయి. అవీ కలిపి రాయి."

బయటికొచ్చాక, మొదటి ఏడాది 54 వేలు కూడా కలిపి ఉంటే ఇంకా బాగుండేది కదా అన్నాను. అమ్మ రశీదు మీద 10,48,000 అన్న అంకెను ఒకసారి చదువుకొని, మడిచి, సంచీ లోపలి జేబులో పెట్టుకుంది.

"అది అప్పుడు తెలీలేదు గదా నాయనా" అంది.